ఏ ఇంకునైనా చెరిపేస్తుందన్న ఇంక్ రిమూవర్ పెన్ను కొనకండి

ఆన్‌లైన్‌లో 349 రూపాయలు పెట్టి ఈ పెన్ను కొని, చేత్తో రాసుకున్న ఉత్తరం పాడు చేసుకున్నాను. మీరు కొనేలోపే చెప్పాలని రాస్తున్నాను.

మా అక్క కూతురి పెళ్లికి ఇద్దామని అమ్మమ్మ జ్ఞాపకాలు మూడు పేజీలు రాశాను. అమ్మమ్మది ముమ్మిడివరం. నేను రెండు చోట్ల అమలాపురం అని రాసేశాను. ఒక్క మాట కోసం పేజీ అంతా తిరగరాయడం ఎందుకని ఈ పెన్ను తెప్పించాను.

నేను రాసింది మామూలు నీలం బాల్‌పెన్‌తో. రిమూవర్ రుద్దితే అక్షరాలు పోలేదు. చుట్టూ లేత నీలం మరక పాకి, కాగితం నూగులా లేచింది. దాని మీద ‘ము’ రాయబోతే గీత అంచులు చెదిరిపోయాయి. వాడేశారు కాబట్టి వాపసు కుదరదన్నారు.

తర్వాత తెలిసింది, ఇలాంటి పెన్నులు ఫౌంటెన్ పెన్నులో పోసే ఉతికితే పోయే నీలం ఇంకు మీదే సరిగా పనిచేస్తాయట. ఆ ఇంకు రంగును మందు విరిచేస్తుంది. బాల్‌పెన్ ఇంకు జిడ్డుగా ఉండే ముద్ద, దాని మీద ఈ మందు పారదు. పైగా మందు తగిలిన చోట అదే ఫౌంటెన్ ఇంకు మళ్లీ నిలవదు. అందుకే అలాంటి పెన్నుకు రెండో కొనలో వేరే ఇంకు పెడతారు, దాని రంగు కాస్త తేడాగానే కనిపిస్తుంది. అమ్మకం పేజీలో ఇదేమీ రాయలేదు.

ఆ పేజీ తిరగరాశాను. మూడో పేజీలో రెండో అమలాపురం మాత్రం కొత్త బ్లేడుతో తీశాను. కాగితం మందంగా ఉండబట్టి సరిపోయింది, పల్చటిదైతే చిల్లు పడేది. బ్లేడును దాదాపు పడుకోబెట్టి ఒకే వైపు మెల్లగా గీకి, లేచిన నూగును స్టీలు చెంచా వెనుక వైపుతో నొక్కి రుద్దాను.

మళ్లీ రాయడానికి అదే పెన్ను, అదే రీఫిల్. అదే కంపెనీది కొత్త రీఫిల్ వేసి చిత్తు కాగితం మీద గీస్తే పగటి వెలుగులో తేడా తెలిసింది. ఒత్తిడి విషయం చాలామందికి తట్టదు. మొదట ప్యాడ్ మీద రాశాను కాబట్టి గీత లోపలికి దిగింది. ఉత్త బల్ల మీద రాస్తే అంత దిగలేదు. అందుకే కింద మళ్లీ అదే ప్యాడ్ పెట్టుకున్నాను.

వాలు కోసం ఉత్తరంలోనే వేరే చోట రాసిన ‘వరం’ చూసుకున్నాను. నా తలకట్లు కుడికి పైకి లేస్తాయి. చూసి బొమ్మ గీసినట్టు నిదానంగా దించితే గీత వణికి, ఇంకు ముద్దలు పడింది. చిత్తు కాగితం మీద పదిహేనుసార్లు రాసి చెయ్యి అలవాటయ్యాక, మామూలు వేగంతో ఒక్క ఊపులో రాశాను. ముమ్మిడివరం కాస్త పొడుగు మాట, అందుకే అక్షరాలు కొంచెం దగ్గర చేశాను. లైటుకు ఎదురుగా పట్టుకుంటే అక్కడ కాగితం పల్చబడినట్టు ఇప్పటికీ తెలుస్తుంది, మామూలుగా చదివితే తెలియదు.

కొనాల్సి వస్తే, ఏ ఇంకు మీద పనిచేస్తుందో రాసి ఉందో లేదో చూడండి. రాగానే మీ పెన్నుతో చిత్తు కాగితం మీద గీసి చెరపండి, అసలు ఉత్తరాన్ని అప్పటిదాకా ముట్టుకోకండి.