డిసెంబర్ కల్లా సిలబస్ అయిపోగొట్టడమా, మధ్యమధ్యలో రివిజన్ పెట్టుకోవడమా?

టెన్త్ మ్యాథ్స్ 14 చాప్టర్లు, జూన్‌లో బడి తెరిస్తే మార్చిలో పబ్లిక్. మన నెల్లూరు వైపు ప్లాన్ వేసేటప్పుడు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండం సెలవులు కూడా లెక్కలో పెట్టుకోవాలి.

టైమ్ చూస్తే, డిసెంబర్ కల్లా ముగిస్తే జనవరి, ఫిబ్రవరి మొత్తం రివిజన్‌కే, కాకపోతే సంక్రాంతి సెలవులు అందులోంచే పోతాయి. నాలుగు చాప్టర్లకో వారం రివిజన్, టెస్ట్ పెడితే సిలబస్ జనవరిలోకి జరుగుతుంది.

రిస్క్ మాత్రం మొదటిదానికే ఎక్కువ, ఎందుకంటే జూలైలో చెప్పిన వర్గ సమీకరణాలు పిల్లోళ్లు మర్చిపోయారని జనవరిలో గానీ తెలీదు, అప్పుడు మళ్లీ మొదట్నుంచి చెప్పాల్సొస్తది. రెండోదాంట్లో ఆగస్టు టెస్ట్‌లోనే బయటపడుతుంది, కారణాంకాలు విడగొట్టడం రానోడు ఎవడో పేపర్ దిద్దుతుంటేనే కనిపిస్తాడు.

రెండిట్లో ఏదైనా సరే, నవంబర్‌లో త్రికోణమితి పెట్టొద్దు. మధ్యలో నాలుగు రోజులు వాన సెలవులొస్తే తెగిపోద్ది, దాని మీదే ఆధారపడ్డ అనువర్తనాల చాప్టర్ కూడా దెబ్బతింటది. చివర్లో ఉండే సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత ముందుకు తెచ్చి ఆ నెలలో చెప్పండి, అవి మిగతా చాప్టర్ల మీద పెద్దగా ఆధారపడవు.

పిల్లలు రోజూ వచ్చే, బేసిక్స్ గట్టిగా ఉన్న క్లాసుకి మొదటిది సరిపోద్ది. హాజరు తక్కువ, గుణకారానికే తడబడే క్లాసైతే రెండోదే పెట్టండి.