x = 2 దగ్గర గీత లేస్తుందా, చుక్క పోతుందా?

ద్వారకానగర్ కోచింగుల్లో చదివే ఇంటర్ పిల్లల్లో చాలామంది హారం సున్నా కాగానే నిలువు అసింటోట్ గీసేస్తారు. ముందు లవాన్ని, హారాన్ని కారణాంకాలుగా విడగొట్టి పక్కపక్కన పెట్టి చూడాలి.

f(x) = (x² − x − 2)/(x² − 4) తీసుకోండి. విడగొడితే (x − 2)(x + 1)/((x − 2)(x + 2)) వస్తుంది. (x + 2) హారంలోనే ఉంది కాబట్టి x = −2 అసింటోట్. x = −1.99 దగ్గర విలువ −99, x = −2.01 దగ్గర 101. గ్రాఫ్ ఒకవైపు కిందికి, రెండోవైపు పైకి దూసుకుపోతుంది.

(x − 2) రెండింటిలోనూ ఒక్కోసారి ఉంది, పూర్తిగా కొట్టివేయబడుతుంది. అందుకే x = 2 దగ్గర రంధ్రం మాత్రమే. మిగిలిన (x + 1)/(x + 2)లో 2 పెడితే 3/4. (2, 3/4) దగ్గర ఖాళీ వృత్తం గీయాలి. కొట్టేశాక కూడా x ≠ 2 అని పక్కన రాసుకోకపోతే ఆ రంధ్రం మరుగున పడిపోతుంది.

అసలు తడబాటు ఘాతాల దగ్గరే. (x − 2)(x + 1)/(x − 2)²లో కారణాంకం రెండుచోట్లా ఉందని రంధ్రం అనుకుంటారు. ఒకటి పోయినా హారంలో ఇంకో (x − 2) మిగులుతుంది, కాబట్టి అక్కడ అసింటోటే. లవంలో ఘాతం హారం ఘాతానికి సమానమైనా, ఎక్కువైనా మాత్రమే రంధ్రం.