టాస్క్ 1 టెంప్లేట్ ప్యాక్ కొనబోయేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రైటింగ్‌లో గ్రాఫ్‌నో టేబుల్‌నో చూసి వర్ణించే టాస్క్ 1 కోసం అమ్మే ఈ ప్యాక్ సంగతి ఆ పరీక్ష రాసేవాళ్లలో చాలామందికి తెలుసు. "ఏ గ్రాఫ్ వచ్చినా ఒకటే టెంప్లేట్, ఖాళీలు నింపితే ఏడు గ్యారంటీ" అంటారే, వాళ్లే. పేరు రాయను, రాయకపోయినా పోల్చుకుంటారు. మా చెల్లెలు కొన్నది. ప్యాక్‌తో పాటు దిద్దిపెట్టే ఎస్సేలు కూడా ఉంటాయన్నారు. ఆమె రాసి పంపింది, "ఓవర్‌వ్యూ చాలా బాగుంది, ట్రెండ్స్ చక్కగా వర్ణించారు, 7.5" అని వచ్చింది. అసలు పరీక్షలో రైటింగ్ 5.5.

ఒళ్లు మండించింది ఆ స్కోరు కాదు. ఆ తర్వాత మిగిలిన దిద్దుబాటుకి ఆమె ఒక టేబుల్ పంపింది. అందులో ఉన్నది ఒకే ఏడాది. నాలుగు దేశాలు, ఐదు రకాల ఖర్చులు, అంతే. కాలం గడవని చోట పెరగడం తగ్గడం ఎక్కడినుంచి వస్తుంది? జవాబు మాత్రం "ఓవర్‌వ్యూ చాలా బాగుంది, ట్రెండ్స్ చక్కగా వర్ణించారు, 7.5" అనే వచ్చింది, మొదటిసారి వచ్చినదే, కామాతో సహా. అంటే ఎవరూ చదవలేదు. ఫోన్ చేసి అడిగితే ప్యాక్ అమ్మినాయన చెప్పింది: "మేడమ్, మీ టాస్క్ 2 పోయింది, అందుకే 5.5. మా టాస్క్ 1కి ఏ ఢోకా లేదు." రిజల్టులో రైటింగ్ మొత్తానికి ఒకే బ్యాండ్ ఇస్తారు, టాస్కులవారీగా విడదీసి చూపరు. ఎవరూ తప్పు పట్టలేరనే ధైర్యంతోనే ఆ మాట అన్నాడు. టాస్క్ 2కి టాస్క్ 1 కంటే రెట్టింపు వెయిట్ ఉన్న మాట నిజమే. కానీ ఆ ప్యాక్‌లో ఏముందో నేను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. నాకు ఈ పని తెలుసు, కాబట్టి అది ఎక్కడ ముంచుతుందో చెప్పగలను.

ప్యాక్ మొత్తం నిలబడింది ఒక్క వాక్యం మీద: "ఓవరాల్, ఇట్ ఈజ్ క్లియర్ దట్ దేర్ వర్ సిగ్నిఫికెంట్ చేంజెస్ ఓవర్ ద పీరియడ్." ఇది ఏ గ్రాఫ్‌కైనా సరిపోతుంది. అందుకే ఏ గ్రాఫ్ గురించీ ఏమీ చెప్పదు. అధికారికంగా విడుదల చేసిన బ్యాండ్ డిస్క్రిప్టర్లలో ఏడో బ్యాండ్‌కి స్పష్టమైన ఓవర్‌వ్యూ ఉండాలని, ముఖ్యమైన ట్రెండ్స్ గానీ తేడాలు గానీ గుర్తించాలని రాసి ఉంది. ఐదో బ్యాండ్ దగ్గర వివరాలను యాంత్రికంగా ఒప్పజెప్పడం గురించి ఉంది. బట్టీపట్టిన పదబంధాలను తప్పుగా వాడటం గురించి ఇంకా కింద, పదసంపద అంశంలో నాలుగో బ్యాండ్ దగ్గర ఉంది. డబ్బు తీసుకుని వీళ్లు అమ్మేది సరిగ్గా ఆ కింది రెండు వరసల్లో ఉన్న సరుకు.

మరి ఓవర్‌వ్యూ అంటే ఏమిటో అందరికీ తెలిసిన లెక్కల మీద చూపిస్తాను. మన దేశ జనగణనలో మగవాళ్ల, ఆడవాళ్ల అక్షరాస్యత రేటు ఒక లైన్ గ్రాఫ్‌గా వచ్చిందనుకోండి. 1951లో మగవాళ్లది 27 శాతం, ఆడవాళ్లది 9. 1961లో 40, 15. 1971లో 46, 22. 1981లో 56, 30. 1991లో 64, 39. 2001లో 75, 54. 2011లో 81, 65. దశాంశాలు సవరించి రాశాను. పరీక్షలోనూ అలా "అబౌట్", "జస్ట్ అండర్" అని సవరించి రాయొచ్చు.

పెన్ను పట్టేముందు రెండు మూడు నిమిషాలు గ్రాఫ్‌ని చూడాలి. మొత్తం ఇరవై నిమిషాల్లో ఆ మూడూ పోయినట్టు కాదు. అంకెలు వదిలేసి గీతల ఆకారం చూడండి. రెండు గీతలూ మొదటినుంచి చివరిదాకా పైకే వెళ్లాయి. ఎక్కడా ఒకదాన్నొకటి దాటలేదు, మగవాళ్లది ఎప్పుడూ పైనే ఉంది. ఈ రెండూ ఎవరికైనా కనబడతాయి. మూడోది కనబడాలంటే గీతల మధ్య ఖాళీని చూడాలి. 1951లో 18 పాయింట్లు ఉన్న తేడా 1961కి 25కి పెరిగింది. 1991 దాకా ఇంచుమించు అక్కడే తచ్చాడింది. ఆ తర్వాత వేగంగా తగ్గి 2011కి 16కి వచ్చింది. ఈ గ్రాఫ్ చెప్పే కథ అదే. ఓవర్‌వ్యూ రెండు వాక్యాలు చాలు: రెండు రేట్లూ ఆ అరవై ఏళ్లలో బాగా పెరిగాయి, మగవాళ్లది ఎప్పుడూ ఎక్కువే; తేడా మాత్రం మొదట పెరిగి, చాలాకాలం అలాగే ఉండి, చివరి ఇరవై ఏళ్లలో తగ్గింది. అంకె ఒక్కటి కూడా అక్కర్లేదు. పరిచయ వాక్యం అయిన వెంటనే పెట్టొచ్చు, చివర్లోనైనా పెట్టొచ్చు. మొదట్లో పెడితే టైం అయిపోయి రాయకుండా మిగిలిపోయే ప్రమాదం ఉండదు.

ఇప్పుడు ఇదే గ్రాఫ్‌కి ప్యాక్ పేరాలు పెట్టి చూడండి. మొదటి పేరా మగవాళ్లకి, రెండో పేరా ఆడవాళ్లకి. ఏడు అంకెలు ఒక పేరాలో, ఏడు మరో పేరాలో వరసగా దింపేయడమే. అలా విడదీస్తే పోలిక చచ్చిపోతుంది. ప్రశ్నలోనేమో ముఖ్యాంశాలు ఎంచుకుని రాయమని, అవసరమైన చోట పోల్చమని ఉంటుంది. ఈ గ్రాఫ్‌ని కాలంతో విడదీయాలి. 1951 నుంచి 1991 దాకా ఒక పేరా, అక్కడినుంచి 2011 దాకా ఇంకోటి. మొదటి పేరాలో, 1951లో మగవాళ్ల రేటు ఆడవాళ్లకి మూడింతలని, తర్వాతి పదేళ్లలో వాళ్లు 13 పాయింట్లు పెరిగితే ఆడవాళ్లు 6 మాత్రమే పెరిగారని "వైల్" తో కలిపి ఒకే వాక్యంలో చెప్పొచ్చు. రెండో పేరాలో అది తిరగబడుతుంది. 1991 నుంచి 2001 మధ్య ఆడవాళ్లది 14 పాయింట్లకు పైగా పెరిగింది, మగవాళ్లది 11. తేడా ఎందుకు తగ్గిందో అంకెలే చూపిస్తున్నాయి. ఉన్న పద్నాలుగు అంకెల్లో ఎనిమిది వాడితే ఎక్కువ. 1971ని పూర్తిగా వదిలేసినా ఏమీ పోదు.

పదాల పట్టిక గురించి చెప్పకపోతే తప్పు. "స్కైరాకెటెడ్", "ప్లమ్మెటెడ్", "ఫ్లక్చుయేటెడ్" అని రెండు పేజీలు నింపి, ఒకదాని బదులు ఒకటి వాడుకోండి అన్నారు. ఇవి ఒకదానికొకటి బదులు కావు. ఫ్లక్చుయేట్ అంటే గీత పైకీ కిందికీ ఊగాలి. పై గ్రాఫ్‌లో ఒక్క చోట కూడా కిందికి రాలేదు, కాబట్టి ఆ పదం రాస్తే సమాచారమే తప్పవుతుంది. 2011 అంకెని "పీక్" అనడం కూడా కుదరదు. పీక్ అంటే అక్కడినుంచి దిగాలి, ఇక్కడ గ్రాఫ్ అక్కడితో ఆగిపోయింది, అంతే. అరవై ఏళ్లు నిలకడగా ఎక్కిన గీతకి "రోజ్ స్టెడిలీ" సరిపోతుంది. ఆ పదం సాదాగా ఉందని దిగులు పడకండి. గీతకి సరిపోని పెద్ద పదం కంటే సరిపోయిన చిన్న పదానికే విలువ.

అన్నిటికంటే ప్రమాదకరమైనది "బై", "టు" ల గందరగోళం. ప్యాక్‌లో ఒక నమూనా జవాబులోనే అది తప్పుగా ఉంది. "రోజ్ టు 65" అంటే చేరిన చోటు. "రోజ్ బై 56" అంటే ఎక్కిన దూరం. ఆ 56 తర్వాత శాతం గుర్తు పెట్టారంటే అర్థం మారిపోతుంది. 9 మీద 56 శాతం పెరిగితే 14 అవుతుంది, 65 కాదు. అక్కడ "పర్సెంటేజ్ పాయింట్స్" అనాలి, లేదా ఏడింతలకు పైగా అయిందని చెప్పాలి. ఏడింతలైంది రేటు, మనుషుల సంఖ్య కాదు. "చదువుకున్న ఆడవాళ్ల సంఖ్య ఏడింతలైంది" అని రాస్తే తప్పు. ఆ కాలంలో జనాభా కూడా పెరిగింది, సంఖ్య ఎంతో ఈ గ్రాఫ్ చెప్పదు. అందుకే కర్త ప్రతిసారీ "ద రేట్" గానీ "ద ఫిగర్ ఫర్ విమెన్" గానీ ఉండాలి. "విమెన్ రోజ్" అని రాస్తే ఆడవాళ్లే లేచి నిలబడ్డట్టు ఉంటుంది.

ప్యాక్ చివరి పేరా ఇంకా ఘోరం. "ఈ మార్పుకి ప్రభుత్వ విధానాలు కారణం కావచ్చు" అని ఖాళీ వదిలారు. టాస్క్ 1లో కారణాలు ఎవరూ అడగరు. గ్రాఫ్‌లో లేనిది రాయకూడదు. 150 పదాల జవాబులో ముప్ఫై పదాలు దానికే పోతాయి. ప్రశ్నలోని వాక్యాన్ని యథాతథంగా దించమనడం కూడా అంతే. దించిన పదాలను లెక్కలో కలపరు, కాబట్టి 150 రాశాననుకున్నవాళ్లు 130 దగ్గరే ఆగిపోతారు.

ఇక ఒకే ఏడాది టేబుల్ సంగతి. అలాంటివాటికి ఓవర్‌వ్యూ వేరే ప్రశ్న నుంచి రావాలి. అన్నిటికంటే ఎక్కువ ఏది, తక్కువ ఏది, మిగతావాటికి భిన్నంగా ఉన్న దేశం ఏది? నాలుగు దేశాల్లోనూ తిండి ఖర్చే ముందుందా? ఉంటే అదే మొదటి వాక్యం. "ఇంక్రీజ్", "డిక్రీజ్" అన్న మాటలు అక్కడ అడుగుపెట్టకూడదు. ఆ ప్యాక్‌లో దీనికి ఒక్క పేజీ కూడా లేదు.

డబ్బు వెనక్కి అడిగాం. "డౌన్‌లోడ్ అయ్యాక రీఫండ్ లేదు" అన్నారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం లేదు.

కొనాలనే ఉంటే, ముందు ఒకే ఏడాది పై చార్ట్ ఒకటి పంపి దానికి ఓవర్‌వ్యూ రాసి చూపించమనండి. అందులో "చేంజెస్ ఓవర్ ద పీరియడ్" కనబడితే కట్టొద్దు. బ్యాండ్ డిస్క్రిప్టర్లు ఐఈఎల్‌టీఎస్ అధికారిక సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. జనరల్ ట్రైనింగ్ రాసేవాళ్లకి ఈ ప్యాక్ అమ్మబోతే అసలు వినకండి, వాళ్ల టాస్క్ 1లో గ్రాఫ్ ఉండదు, ఉత్తరం ఉంటుంది.