పసి పరిశ్రమకు ఊతం: దిగుమతి సుంకమా, నగదు సాయమా? ఏది మేలు?

ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకోవాలని కావలిలోనో ఒంగోలులోనో షాపుకు వెళ్తే, ముందు తేలాల్సిన విషయం ఒకటుంది: డీసీఆర్ ప్యానెల్ కావాలా, మామూలుది చాలా? డీసీఆర్ అంటే ప్యానెలే కాదు, దాని లోపలి సెల్ కూడా మన దేశంలోనే తయారై ఉండాలి. మామూలు దాంట్లో సెల్ బయటి దేశం నుంచి వచ్చినదైనా కావచ్చు. పీఎం సూర్యఘర్ కింద వచ్చే 78,000 రూపాయల సబ్సిడీ డీసీఆర్‌కే ఇస్తారు. కానీ డీసీఆర్ ధర ఎక్కువ. వాటుకు 8 రూపాయలు తేడా ఉందనుకుందాం. 3,000 వాట్లకు 24,000 అవుతుంది. అంటే ఇంటాయన పేరున వచ్చిన 78,000లో 24,000 సెల్ ఫ్యాక్టరీకి చేరుతుంది. ఆ సొమ్ము బడ్జెట్‌లో మాత్రం ఇంటి సోలార్ సాయంగానే కనిపిస్తుంది.

ఇలా ఇవ్వడం తప్పని నేననను. కొత్త పరిశ్రమకు కొన్నాళ్లు ఊతం ఇవ్వాలన్న వాదనలో నిజం ఉంది. అయితే మూడు మాటలకు జవాబు దొరకాలి. తయారు చేస్తూ పోతే ఖర్చు నిజంగా తగ్గుతుందా? తగ్గాక వచ్చే లాభం ఇప్పుడు జనం భరించే నష్టాన్ని తీరుస్తుందా? మూడోది చాలామంది వదిలేస్తారు: అంత లాభం ఉంటే బ్యాంకులు, పెట్టుబడిదారులే ఎందుకు డబ్బు పెట్టడం లేదు? దీనికి సరైన జవాబు ఒక రకంగా ఉంటుంది. మొదటి ఫ్యాక్టరీ నష్టపడి నేర్చుకున్న పనిని, అక్కడ తయారైన ఇంజినీర్లను పక్క ఫ్యాక్టరీ ఊరికే పట్టుకుపోతుంది. ఆ భయంతో ఎవరూ మొదటివాడు కాదల్చుకోరు. అలాంటి చోట ప్రభుత్వం చెయ్యి వెయ్యడం న్యాయం. 'మాకు ఖర్చు ఎక్కువ, బయటివాళ్లది చౌక' అన్నది మాత్రం కారణం కాదు.

సోలార్ తయారీలో ఈ పరీక్ష అన్ని మెట్లకూ ఒకేలా తేలదు. ప్యానెల్ కట్టడమంటే సెల్స్ కొని, వాటిని తీగలతో అతికి, గాజు కింద పెట్టి వేడితో సీలు చెయ్యడం. యంత్రం కొనుక్కుంటే పని వచ్చేస్తుంది. దాని వెనక మెట్లు అలా కాదు: శుద్ధి చేసిన సిలికాన్ అయిన పాలీసిలికాన్, దాన్నుంచి కోసే పల్చటి బిళ్ల వేఫర్, ఆ బిళ్లతో చేసే సెల్. అక్కడ దిగుబడి, నాణ్యత ఏళ్ల తరబడి చేస్తేనే మెరుగవుతాయి. పసిదనం అన్న మాట అసలు అక్కడ వర్తిస్తుంది. కానీ 2022 ఏప్రిల్ 1 నుంచి ప్యానెల్ మీద 40 శాతం, సెల్ మీద 25 శాతం సుంకం వేశారు. నేర్చుకునేది తక్కువున్న చోటే రక్షణ ఎక్కువైంది.

ఇప్పుడు సుంకాన్నీ నగదు సాయాన్నీ పక్కపక్కన పెడదాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవే. దిగుమతి ప్యానెల్ రేవులో వాటుకు 10 రూపాయలు, మన ఫ్యాక్టరీకి ఖర్చు 13. నలభై శాతం సుంకం వేస్తే దిగుమతిది 14 అవుతుంది. మన ఫ్యాక్టరీ 13 రూపాయల 90 పైసలకు అమ్ముకోవచ్చు. అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల మీద ఏరేటర్లకు 10 కిలోవాట్లు పెట్టుకునే రైతు 39,000 అదనంగా కడతాడు. ఆ రైతుకు రసీదులో ఎక్కడా ఆ 39,000 కనపడదు.

అదే సుంకం లేకుండా, ఇక్కడ తయారైన ప్రతి వాటుకూ ప్రభుత్వం 3 రూపాయలు ఇస్తే? రైతు 10కే కొంటాడు. ఫ్యాక్టరీకి 13 అందుతుంది. ఖర్చు ఖజానాది. అంటే పన్ను కట్టేవాళ్లందరిదీ. అది ఊరికే వచ్చే డబ్బు కాదు. కానీ ఏటా బడ్జెట్‌లో అంకెగా కనిపిస్తుంది, ఎందుకిస్తున్నారని అడగడానికి వీలుంటుంది. అమెరికా తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ 1791లోనే సుంకం కన్నా ఇలాంటి నగదు ప్రోత్సాహం మేలన్నాడు. ఉత్పత్తికి ముడిపెట్టి ప్రోత్సాహకం ఇచ్చే మన పీఎల్ఐ పథకం ఈ రకమే: రెండు విడతల్లో 4,500 కోట్లు, 19,500 కోట్లు. ఫ్యాక్టరీ మొదలయ్యాక 5 ఏళ్లు, అమ్మకాన్ని బట్టి, ప్యానెల్ సామర్థ్యాన్ని బట్టి ఇస్తారు. ఐదేళ్ల గడువు పథకంలోనే రాసి ఉంది.

మరి సుంకానికి గడువు పెట్టలేమా? పెట్టారు. అది ఏమైందో చూస్తే ఈ వాదన ఎందుకు శాశ్వత వరమవుతుందో తెలుస్తుంది. దిగుమతులు బాగా పెరిగి ఇక్కడి తయారీదారులు దెబ్బతింటున్నప్పుడు కొన్నాళ్లకని వేసేది సేఫ్‌గార్డ్ సుంకం. 2018 జులై 30న అది రెండేళ్లకని వచ్చింది. మొదటి ఏడాది 25 శాతం, తర్వాత ఆర్నెల్లు 20, ఆ తర్వాత ఆర్నెల్లు 15. తగ్గుతూ పోయి ఆగిపోవాలి. 2020లో 14.9తో పొడిగించారు. 14.5కి దిగి 2021 జులైలో ముగిసింది. ఎనిమిది నెలలు తిరిగేసరికి వేరే పేరుతో 40 శాతమై వచ్చింది, ఈసారి గడువు లేకుండా. 2025 బడ్జెట్‌లో ప్యానెల్ సుంకం 40 నుంచి 20కి తగ్గిందన్నారు. దాని పక్కనే 20 శాతం వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్ పడింది. మొత్తం మళ్లీ 40.

దీన్ని ఒక్క కుట్రగా చూడనక్కర్లేదు. సుంకాన్ని నమ్ముకుని ఫ్యాక్టరీ కట్టారు, బ్యాంకులు అప్పులిచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి. తీసేస్తే నష్టపోయేవాళ్లు కొద్దిమంది, కానీ ఆ నష్టం పెద్దది, వాళ్లు ఢిల్లీ దాకా వెళ్తారు. ఉంచితే నష్టపోయేది లక్షలమంది, తలా కొన్ని వేలు. రొయ్య రేటు పడిపోయిందన్న టెన్షన్‌లో ఉన్న రైతు వాటుకు 4 రూపాయల కోసం ఎవరి దగ్గరికి పోతాడు? పైగా ఒక మెట్టు పెరిగితే దాని వెనక మెట్టు పసిదంటారు. ప్రభుత్వం ఆమోదించిన ప్యానెళ్ల జాబితాలో తయారీ సామర్థ్యం 2025లో 100 గిగావాట్లు దాటింది. దాన్ని ఇంకా పసిపిల్ల అనడం కష్టం. అయినా ప్రభుత్వ పథకాల్లాంటి వాటికి జాబితాలో ఉన్నవే వాడాలన్న నియమం ఉంది, 2026 జూన్ నుంచి సెల్స్‌కూ వర్తిస్తుందన్నారు, 2028 నుంచి వేఫర్లకని ప్రతిపాదించారు.

చైనా మాట నేను దాటవెయ్యను. సోలార్ తయారీలో ప్రతి మెట్టులోనూ ప్రపంచ సామర్థ్యంలో 80 శాతానికి పైగా అక్కడే ఉందని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో చెప్పింది. ఒకే దేశం మీద ఆధారపడటం ప్రమాదమే. కానీ అది భద్రత వాదన. దానికి ఎంత సామర్థ్యం ఇక్కడ ఉంటే చాలో అంకె చెప్పి, ఆ మేరకు ఇవ్వాలి. పసిదనం పేరుతో రెండూ కలిపేస్తే ఎప్పటికీ లెక్క తేలదు.

గడువు నిలబడిన సందర్భం మన దేశంలోనే ఉంది. 1924లో ఉక్కుకు రక్షణ ఇస్తూ చేసిన చట్టం మూడేళ్లకే. సుంకంతో పాటు రైలు పట్టాలకు నగదు ప్రోత్సాహం కూడా ఇచ్చారు. గడువు తీరినప్పుడల్లా, పొడిగింపు కావాలంటే, సుంకాల్ని విచారించే టారిఫ్ బోర్డు ముందు ఉక్కు కంపెనీ తన తయారీ ఖర్చులు చూపించుకోవాల్సి వచ్చింది. 1947లో ఆ రక్షణ ముగిసింది.

కాబట్టి నా ఎంపిక ఇదీ: సెల్, వేఫర్, పాలీసిలికాన్‌కు గడువున్న నగదు సాయం, ఏటేటా తగ్గేలా. ప్యానెల్ కట్టే పనికి ఇక ఏమీ వద్దు. అన్నిటికన్నా చివర పెట్టేది డీసీఆర్ లాంటి నియమాన్ని. ఎందుకంటే దాని ధర సుంకంలాగా ఖజానాకు కూడా రాదు, సబ్సిడీలాగా బడ్జెట్‌లో ఫ్యాక్టరీ సాయంగానూ కనపడదు. రామాయపట్నం పక్కన కరేడు భూముల్లో సోలార్ ఫ్యాక్టరీ ప్రతిపాదన మీద 2025లో రైతులు రోడ్డెక్కారు. అక్కడ ఫ్యాక్టరీ వచ్చినా, మరోచోటికి పోయినా, దానికి ఇచ్చే భూమి, కరెంటు, నీటి రాయితీలను కూడా ఈ సాయంలోనే కలిపి, వాటుకు ఎంత పడుతోందో ఏటా జిల్లా జనానికి చూపించాలి. మూడేళ్లు వరసగా ఖర్చు దిగకపోతే నాలుగో ఏడు చెక్కు ఆగిపోవాలని ఒప్పందంలోనే రాయాలి.