కబడ్డీ జట్లకు ఏది మేలు: ఉద్దులా, టీచర్ జాబితానా?

పరుగు అంతగా రాని పిల్లలు చివరిదాకా మిగిలిపోకుండా జట్లు ఎలా వేయాలని కొత్త పీఈటీలూ తల్లిదండ్రులూ తరచూ అడుగుతుంటారు. ఇద్దరు లీడర్లు పేరుపేరునా పిలుచుకునే పద్ధతి మాత్రం వద్దు. అందులో చివర మిగిలేది ఎవరో పిల్లలందరికీ ముందే తెలుసు. పైగా జట్లు కూడా సమంగా రావు. 14 మందిని ఆటతీరును బట్టి వరుసలో పెడితే, మార్చి మార్చి పిలిచినప్పుడు 1, 3, 5 ఒకవైపు, 2, 4, 6 రెండోవైపు వెళ్తారు. ప్రతిసారీ మొదటి లీడర్‌కే ఒక మెట్టు లాభం.

ఒకటి, రెండు అని లెక్కపెట్టి విడదీయడం తేలికే. కానీ స్నేహితుల వైపు వెళ్లడానికి పిల్లలు వరుసలో చోటు మార్చేసుకుంటారు. పంటలు వేసినా అదృష్టమే.

టీచర్ జాబితాలో అదే ఆటతీరు వరుసలోని 1, 4, 5, 8, 9, 12, 13 ఒక జట్టు, మిగతావాళ్లు రెండో జట్టు. బలం దాదాపు సరిసమానంగా వస్తుంది. టర్మ్ అంతా అవే జట్లు ఆడాలంటే ఇదే సరైనది. అయితే పేర్లు చదివేటప్పుడు ఆ వరుసలో చదవకూడదు, అక్షరక్రమంలో చదవాలి. లేకపోతే మళ్లీ పాత కథే.

రోజువారీ ఆటకు నా ఓటు ఉద్దులకే. సమానంగా ఆడే ఇద్దరు ఒక ఉద్ది. వాళ్లు పక్కకెళ్లి చెరో మారుపేరు పెట్టుకుని వస్తారు. ‘మామిడి కావాలా, సపోటా కావాలా?’ అంటే లీడర్ ఒకటి కోరుకుంటాడు. ఆ పేరు పెట్టుకున్నవాళ్లు అతని జట్టు, రెండోవాళ్లు అవతలి జట్టు. తర్వాతి ఉద్దిని రెండో లీడర్ కోరుకుంటాడు. నాకు ముఖ్యంగా నచ్చేది ఇక్కడే: లీడర్ ఎంచుకునేది పేరును, పిల్లను కాదు. నెమ్మదిగా పరిగెత్తే పిల్లను క్లాసంతటితో కాకుండా తనలాంటి ఒక్కరితోనే పోలుస్తారు. ఆ ఉద్ది మొదట వచ్చినా చివర వచ్చినా జట్ల బలంలో తేడా రాదు.

రెండుచోట్ల జాగ్రత్త పడాలి. ఉద్దులు కుదుర్చుకోవడం పిల్లలకే వదిలితే, జత దొరకని ఇద్దరు అక్కడే మిగిలిపోతారు. అందుకే జతలు మీరే చెప్పండి, బలహీనంగా ఆడేవాళ్ల జతను మధ్యలో పిలవండి. రెండోది దొంగ ఒప్పందం. ఒకే పిల్లవాడు వరుసగా తన స్నేహితుడి జట్టులోకే వెళ్తున్నాడంటే, మారుపేరు లీడర్‌కు ముందే అందుతోందని అర్థం. అప్పుడు పేర్లు మీరే చెవిలో చెప్పి పంపండి. పులి, పిల్లి లాంటి జంట పేర్లు వద్దు, ఎవరు బలవంతులో పేరే చెప్పేస్తుంది.

15 మంది వస్తే ఒకరు మిగులుతారు. చిన్నపిల్లనో, బాగా ఆడలేని పిల్లనో ఆటలో అరటిపండు చేయడం మన దగ్గర మామూలే. అలా కాకుండా అందరికన్నా బాగా రైడింగ్ చేసేవాళ్లను జత లేకుండా ఉంచి, సగం ఆట ఒక జట్టుకూ, మిగతా సగం రెండో జట్టుకూ ఆడించండి.