గట్టు మీద జామాయిలా, సుబాబులా?

పక్కన కందో పత్తో వేసే రైతుకు ఈ ప్రశ్న తప్పదు.

నీడ: జామాయిల్ ఆకు పలచన, వెలుగు దిగుతుంది. సుబాబుల్ గుబురుగా పెరుగుతుంది, కొమ్మలు కొడుతూ ఉండాలి.

నీళ్లు: అసలు పేచీ ఇక్కడే. జామాయిల్ పక్కవేర్లు చేలోకి పాకి పైతడిని తాగేస్తాయి. రబీలో తూర్పు–పడమర గట్టు మీది చెట్ల నీడ ఉత్తరం వైపు పడుతుంది. ఎండ తగిలే దక్షిణం వైపు మొక్కలూ గిడసబారాయంటే దోషం నీడది కాదు, వేరుది. గట్టు వెంట మూడడుగుల లోతు కందకం తీస్తే పోటీ తగ్గుతుంది. పూడిందా, వేర్లు మళ్లీ వస్తాయి.

పోషకాలు: సుబాబుల్ వేరుబుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టుకుంటాయి. కొట్టిన రొట్ట చేలో వేస్తేనే పైరుకు ఎక్కువగా దక్కుతుంది. మేకలకే వేస్తే ఆ లాభం మేకలదే.

బెడద: సుబాబుల్ గింజ రాలితే కలుపు. కాయ ముదరకముందే కొట్టాలి.

వర్షాధార చేనై, కొమ్మలు కొట్టే మనిషి ఉంటే సుబాబుల్. బోరు తడి ఉండి, తీరిక లేకపోతే కందకంతో జామాయిల్.