నాలుగేళ్లుగా వాడుతున్న గాలి పంపు: మొదటి కారు కొన్నవాళ్లకు నేనిచ్చే కానుక

నా స్నేహితుడు మొదటి కారు కొన్నప్పుడు కారు సాకెట్‌కు తగిలించే 12 వోల్టుల గాలి పంపు కొనిచ్చాను. అదే రోజు నాకూ ఒకటి తీసుకున్నాను. నాలుగేళ్లయింది, రెండూ పనిచేస్తున్నాయి.

దీని అసలు విలువ మాకు రెండో ఏడాదిలో తెలిసింది. ఒక ఉదయం వాడు బండి తీయకముందు గాలి చూస్తే మూడు టైర్లలో 32 పీఎస్‌ఐ ఉంది, వెనక ఎడమ టైరులో మాత్రం 21. కంటికి ఆ తేడా ఏమీ కనిపించలేదు. నాలుగైదు నిమిషాల్లో 33కి నింపాడు. మర్నాడు పొద్దున చూస్తే 27. అంటే ఎక్కడో సన్నగా పోతోంది. సబ్బు నీళ్లు పోస్తే గాడిలో దిగిన మేకు చుట్టూ బుడగలు వచ్చాయి. మేకు పీకకుండా గాలి నింపుకుని, నేరుగా పంక్చర్ షాపుకు వెళ్లాడు. అలాగే తిప్పి ఉంటే టైరు పక్క గోడ నలిగిపోయేది. అక్కడ దెబ్బతింటే ప్యాచ్ పనికిరాదు, టైరే మార్చాలి.

వాడే పద్ధతి ఇచ్చేటప్పుడే చూపించాలి. ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు పక్కన ముద్రించిన అంకె గరిష్ఠ పరిమితి, దాన్ని చూసి నింపకూడదు. బండి నడిచాక టైరు వేడెక్కి రీడింగ్ ఎక్కువ వస్తుంది కాబట్టి పొద్దున్నే చూడటం మంచిది. పంపు ఆడుతున్నప్పుడు మీటరు కాస్త ఎక్కువ చూపించవచ్చు, ఆపాక వచ్చే అంకెనే నమ్మాలి. నేను విడిగా ఒక చిన్న గేజ్ కూడా కలిపి ఇస్తాను.

లోపాలూ ఉన్నాయి. చప్పుడు చాలా ఎక్కువ. పది నిమిషాలు ఆడితే ఒళ్లు కాలిపోయేంత వేడెక్కుతుంది, మధ్యలో ఆపి చల్లారనివ్వాలి. నా మొదటి పంపు వైరు వెనక టైరు దాకా అందక వెంటనే మార్చుకోవాల్సి వచ్చింది. కొనేముందు వైరు పొడవు తప్పక చూడండి. బ్యాటరీ తక్కువగా ఉంటే ఇంజన్ ఆన్‌లో పెట్టి నింపాలి, అదీ ఆరుబయటే. టైరు రిమ్ నుంచి పూర్తిగా ఊడిపోతే ఈ చిన్న పంపు దాన్ని కూర్చోబెట్టలేదు.

చార్జింగ్ పంపులు వైరు లేకుండా హాయిగానే ఉంటాయి. కానీ ఎండలో నిలబెట్టిన కారులో వదిలేస్తే వాటి బ్యాటరీ త్వరగా పాడవుతుంది, అవసరమైన రోజున చార్జింగ్ ఉండకపోవచ్చు. అందుకే కారుకు వైరుదే ఇస్తాను. చాలా బైకులకు ఆ సాకెట్ ఉండదు కనుక, బైకు కొన్నవాళ్లకు మాత్రం ఇంట్లో పెట్టుకునే చార్జింగ్ పంపే నయం.